ఒకే శబ్దం, రెండు జవాబులు: ఆల్ఫా లయ మీద నా ప్రాజెక్టు డైరీ

ఏప్రిల్ మొదటి వారం, విజయవాడ

కళ్లు మూసుకుని, మెలకువగా, ప్రశాంతంగా పడుకున్న మనిషి తల వెనుక భాగంలో ఎలక్ట్రోడ్ పెడితే సెకనుకు 8 నుంచి 13 సార్లు ఊగే అల కనిపిస్తుంది. దాన్ని ఆల్ఫా లయ అంటారు. జర్మనీలోని యేనా నగరంలో హన్స్ బెర్గర్ 1924లో మొదటిసారి మనిషి మెదడు విద్యుత్తును నమోదు చేసి, 1929లో ప్రచురించినప్పుడు అందులో ప్రధానంగా కనిపించింది ఈ లయే. కళ్లు తెరిస్తే అది అణగిపోతుందని కూడా ఆయనే చూపించాడు.

నన్ను పట్టుకుని వదలని విషయం వేరే ఉంది. కళ్లు తెరిచి చురుగ్గా చూసినప్పుడు ఆల్ఫా పోతుంది. కళ్లు మూసుకునే ఉండి నిద్రలోకి జారుతున్నప్పుడు కూడా పోతుంది. మెలకువ పెరిగినా, తగ్గినా రికార్డులో ఒకటే జరుగుతోంది. మరి ఆల్ఫా మాయమైన చోట మెదడు ఏ వైపు వెళ్లిందో ఎలా చెప్పాలి?

గుంటూరులో ఒక ఆసుపత్రిలో ఏళ్ల తరబడి ఈఈజీ, అంటే మెదడు విద్యుత్తు రికార్డులు తీసే టెక్నీషియన్‌గా పనిచేస్తున్న మా పిన్నిని అడిగాను. "ఆల్ఫా పోయిందా, ఉందా అని చూస్తే సగమే తెలుస్తుందమ్మా. ఒక్కసారి పిలిచి చూడు, పిలుపుకి అల ఏం జవాబు చెబుతుందో అదే అసలు సంగతి" అంది. ఈ వేసవి సెలవుల ప్రాజెక్టు ఆ ఒక్క మాట చుట్టూనే.

పడుకోబోయేది మా తమ్ముడు. రాత్రి డ్యూటీ చేసి వస్తాడు కాబట్టి మధ్యాహ్నం భోజనం కాగానే కునుకు పడుతుంది. మెలకువకూ నిద్రకూ మధ్య గట్టును చూడాలంటే అలాంటి మనిషి కావాలి. ఏం చేస్తానో, ఏం నమోదవుతుందో వాడికి ముందే వివరించి ఒప్పించాను.

ఏప్రిల్ రెండో వారం: యాంప్లిఫయర్

తల చర్మం మీద దొరికే ఆల్ఫా కొన్ని పదుల మైక్రోవోల్టులే. దాన్ని కంప్యూటర్ చదవగలిగే స్థాయికి దాదాపు పదివేల రెట్లు పెంచాలి. అంతా ఒకే దశలో పెంచితే కుదరదు. ఎలక్ట్రోడ్‌కూ చర్మానికీ మధ్య నిలకడగా ఉండే వోల్టేజి మిల్లీవోల్టుల్లో ఉంటుంది. అంటే అలకంటే ఎన్నో రెట్లు పెద్దది. మొదటి దశలోనే బాగా పెంచితే యాంప్లిఫయర్ అంచుకు తగిలి నిలిచిపోతుంది.

అందుకే మొదటి దశకు ఏడీ620 అనే ఇన్‌స్ట్రుమెంటేషన్ యాంప్లిఫయర్ చిప్ తీసుకుని, 2.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్‌తో గెయిన్‌ను, అంటే అలను పెంచే రెట్లను, 19 దగ్గర ఉంచాను. తరువాత 0.5 హెర్ట్జ్ కన్నా నెమ్మదైన మార్పులను ఆపే ఫిల్టర్, ఆ తరువాత 500 రెట్లు పెంచే రెండో దశ. మొత్తం 9,500 రెట్లు. 30 మైక్రోవోల్టుల అల బయటికి వచ్చేసరికి సుమారు 0.3 వోల్టు అవుతుంది. ఆర్డునో బోర్డు దాన్ని సెకనుకు 250 సార్లు చదువుతుంది. 10 హెర్ట్జ్ అల ఒక్కోదానికి 25 బిందువులు దొరుకుతాయి, ఆకారం పోల్చుకోవడానికి అవి చాలు.

ఇలాంటిదే మరో చానెల్ కంటి పక్కన పెట్టే ఎలక్ట్రోడ్ కోసం చేశాను. ఫిల్టర్‌ను మాత్రం ఇంకా నెమ్మదైన కదలికలు దాటేలా మార్చాను. ఈ చానెల్ లేకపోతే ప్రాజెక్టుకే అర్థం లేదని తరువాతి వారాల్లో తేలింది.

భద్రత విషయంలో నాది ఒకటే నియమం. మనిషికి తగిలించిన ఏ వస్తువూ గోడ ప్లగ్గుకు కలిసి ఉండకూడదు. యాంప్లిఫయర్ 9 వోల్టుల బ్యాటరీల మీద, ల్యాప్‌టాప్ తన బ్యాటరీ మీద నడుస్తాయి. చార్జర్ తీసి పక్క గదిలో పెట్టాకే ఎలక్ట్రోడ్లు ముట్టుకుంటాను.

ఏప్రిల్ మూడో వారం: తల కొలవడం, చెమటతో పేచీ

ఎలక్ట్రోడ్ ఎక్కడ పెట్టాలన్నది చేత్తో తడిమి తేల్చేది కాదు. ముక్కు మొదలు దగ్గరి పల్లం నుంచి తల వెనుక ఎముక బొడిపె వరకు టేపుతో కొలవాలి. తమ్ముడికి అది 36 సెంటీమీటర్లు వచ్చింది. అందులో పదో వంతు, అంటే బొడిపె నుంచి 3.6 సెంటీమీటర్లు పైకి ఒక గుర్తు. తల చుట్టుకొలత 56 సెంటీమీటర్లు. అందులో ఇరవయ్యో వంతు, 2.8 సెంటీమీటర్లు ఎడమకు జరిగితే ఓ1 అనే స్థానం. మెదడు పై పొర అయిన కార్టెక్స్‌లో దృష్టికి సంబంధించిన భాగం మీద పడే చోటు అది, ఆల్ఫా బలంగా దొరికేది అక్కడే. రెండో తీగ కుడి చెవి వెనుక ఎముక మీద, గ్రౌండ్ నుదుటి మీద.

పిన్ని వచ్చి చర్మాన్ని ఎలా రుద్దాలో చూపించింది. జుట్టు పాయ తీసి, గరుకు జెల్‌తో మెత్తగా రుద్ది, పేస్టుతో ఎలక్ట్రోడ్ అద్దాలి. ఎలక్ట్రోడ్‌కూ చర్మానికీ మధ్య అవరోధం 5 కిలో ఓమ్‌ల లోపు రావాలంది. దాన్ని మామూలు మల్టీమీటరుతో కొలవనివ్వలేదు. మల్టీమీటరు ఒకే దిశలో కరెంటు పంపి ఎలక్ట్రోడ్ మీద వోల్టేజిని పేరుస్తుంది. చిన్న ఏసీ కరెంటుతో కొలిచే మీటరు తానే తెచ్చింది.

మొదటి రికార్డులో అల కింద మరో పెద్ద అల మెల్లగా ఊగుతూ కనిపించింది, రెండు మూడు సెకన్లకు ఒకటి చొప్పున. సంఖ్యలను మాత్రమే చూసే ప్రోగ్రామ్ దాన్ని గాఢ నిద్రలో వచ్చే డెల్టా కింద లెక్కేస్తుంది. తమ్ముడేమో అప్పుడు నాతో కబుర్లు చెబుతున్నాడు! మాట్లాడుతున్న మనిషికి గాఢ నిద్ర అలలు రావు కాబట్టి అది మెదడుది కాదు. పిన్ని చూడగానే "చెమట" అంది. చెమటలోని ఉప్పు ఎలక్ట్రోడ్ దగ్గర వోల్టేజిని నెమ్మదిగా మారుస్తుంది. విజయవాడ ఏప్రిల్‌లో మధ్యాహ్నం రికార్డు చేయాలంటే గదిని ముందుగా చల్లబరచక తప్పదు. సీలింగ్ ఫ్యాన్ పనికిరాదు, గాలికి తీగలు ఊగి అదీ అలలాగే నమోదవుతుంది. ఏసీ వేసి, తీగలను జడలా అల్లి దిండుకు టేపుతో అంటించాక అల నిలబడింది.

కరెంటు తీగల నుంచి వచ్చే 50 హెర్ట్జ్ రొద కూడా ఉంది. ఒక మధ్యాహ్నం కరెంటు పోయి, పక్కింటి ఇన్వర్టరు అందుకునే లోపల ఆ కొద్ది క్షణాలు గీత సన్నగా, శుభ్రంగా మారింది. ఆ మందమంతా గోడలోంచి వస్తున్నదేనని అంతకంటే రుజువు అక్కర్లేదు. మంచాన్ని గోడ నుంచి దూరంగా జరిపాను. మిగిలిన రొద ఆల్ఫాకు చాలా దూరంలో ఉంది కనుక లెక్కకు అడ్డు రాదు.

ఏప్రిల్ చివర: కళ్లు మూయి, తెరువు

అసలు పరీక్షకు ముందు ఇది సరిపోల్చుకోవాలి. పది సెకన్ల ముక్కలుగా తీసి, ఆల్ఫా శక్తినీ దానికంటే నెమ్మదైన థీటా శక్తినీ ఇలా లెక్కించాను:

```python
from scipy.signal import welch
f, p = welch(x, fs=250, nperseg=500)
alpha = p[(f >= 8) & (f <= 13)].sum()
theta = p[(f >= 4) & (f < 8)].sum()
print(alpha / theta)
```

`nperseg=500` అంటే రెండు సెకన్ల కిటికీ, దానివల్ల అర హెర్ట్జ్ తేడా వరకు విడదీసి చూడవచ్చు.

కళ్లు మూయమన్నాను. క్షణంలో చక్కని అల లేచింది, సరిగ్గా 10 హెర్ట్జ్ దగ్గర, శిఖరం నుంచి లోయకు సుమారు 40 మైక్రోవోల్టులు. తెరవమన్నాను, కుప్పకూలింది. మళ్లీ మూశాడు, మళ్లీ లేచింది. కళ్లు మూసుకునే ఉండి వందలోంచి ఏడేసి తీసేస్తూ లెక్క చెప్పమంటే, లెక్క కష్టమైన చోట ఆల్ఫా పలచబడింది. కేంబ్రిడ్జిలో ఏడ్రియన్, మాథ్యూస్ 1934లో బెర్గర్ ఫలితాన్ని నిర్ధారించినప్పుడు, కళ్లు మూసి ఉన్నా మనసు పెట్టి లెక్క వేస్తే లయ చెదురుతుందని కూడా గమనించారు. వెలుగు ఒక్కటే కారణం కాదన్నమాట.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆరోగ్యవంతుల్లో కూడా దాదాపు పది మందిలో ఒకరికి కళ్లు మూసినా ఆల్ఫా స్పష్టంగా రాదు. అలాంటివారి తలమీద ఈ ప్రయోగం మొదలుపెడితే యంత్రం పాడైందనుకుని విప్పదీస్తారు. పరికరం మీద అనుమానం వస్తే ఇంకో ఇద్దరి మీద చూడటం మేలు.

మే మొదటి వారం: కునుకు ఎలా కనిపిస్తుంది

భోజనం అయ్యాక, గది చీకటి చేసి, కళ్ల మీద మెత్తని గుడ్డ వేసి పడుకోబెట్టాను. ఒక మధ్యాహ్నం రికార్డును వివరంగా రాస్తాను, మిగిలినవీ దాదాపు ఇదే దారిలో నడిచాయి.

మొదటి కొద్ది నిమిషాలు నిండైన ఆల్ఫా. తరువాత అది ముక్కలవడం మొదలైంది. రెండు సెకన్లు ఉంటుంది, సెకను పోతుంది, మళ్లీ వస్తుంది. వేగం కూడా కొంచెం తగ్గి 9.5 దగ్గరికి వచ్చింది. అదే సమయంలో కంటి చానెల్‌లో కొత్త సంగతి. మెలకువలో కనురెప్పలు కొట్టినప్పుడు నిటారుగా లేచే మొనలు ఆగిపోయి, వాటి స్థానంలో నున్నటి, వెడల్పాటి వంపులు వచ్చాయి. మూసిన రెప్పల కింద కనుగుడ్లు అటూ ఇటూ నెమ్మదిగా దొర్లుతున్నాయి. కునుకుకు ఇంతకంటే నమ్మకమైన ఆనవాలు నాకు దొరకలేదు.

ఆ తరువాత ఆల్ఫా పూర్తిగా పోయి, ఎత్తు తక్కువగా, 4 నుంచి 7 హెర్ట్జ్ మధ్య కలగాపులగమైన అలలు మిగిలాయి. నిద్ర రికార్డులు చదివేవాళ్లు 30 సెకన్ల పుటల్లో చూస్తారు. ఒక పుటలో సగానికి మించి ఆల్ఫా తప్పుకుని ఇలాంటి అల నిలిస్తే నిద్ర మొదటి దశ అని రాస్తారు. ఆల్ఫా, థీటా నిష్పత్తి మొదట్లో ఉన్నదానిలో చిన్న భాగానికి పడిపోయింది.

కళ్లు తెరిచినప్పుడూ ఆల్ఫా ఇలాగే పోయింది కదా, తేడా ఎక్కడ? చురుకైన మెలకువలో ఆల్ఫా స్థానంలో వేగమైన, చిన్న అలలు వస్తాయి, కనురెప్పల మొనలు ఉంటాయి, నుదుటి కండరాల ముతక గీత ఉంటుంది. కునుకులో నెమ్మదైన అలలు, దొర్లే కళ్లు, సడలిన కండరాలు. ఖాళీని చూసి తీర్పు చెప్పకుండా, ఆ ఖాళీలోకి ఏం వచ్చిందో చూడాలి.

మే రెండో వారం: పిలుపు

ఫోనులో ఒక చిన్న స్వరాన్ని పెట్టుకున్నాను, అరసెకను నిడివి, ఎప్పుడూ అదే శ్రుతి. అది మోగిన క్షణం ఆర్డునోలో గుర్తు పడుతుంది.

నిండైన ఆల్ఫా ఉన్నప్పుడు మోగించాను. అర సెకను లోపే అల అణగి, సుమారు రెండు సెకన్ల పాటు చదునుగా ఉండి, మళ్లీ లేచింది. కళ్లు కదలలేదని కంటి చానెల్ చెబుతోంది. ఇది చూసుకోకపోతే, ఉలిక్కిపడి కళ్లు తెరిచాడేమో, అందుకే ఆల్ఫా పోయిందేమో అనే అనుమానం తీరదు.

తరువాత కళ్లు దొర్లి, థీటా స్థిరపడ్డాక అదే స్వరం, అంతే బిగ్గరగా మోగించాను. ఆల్ఫా తిరిగి వచ్చింది! మూడు నాలుగు సెకన్లు చక్కని పది హెర్ట్జ్ అల, ఆపై మళ్లీ థీటాలోకి జారిపోయింది. తమ్ముడు కదలలేదు, లేచాక అడిగితే శబ్దమే వినలేదన్నాడు.

ఒకే శబ్దం ఒకచోట ఆల్ఫాను చెరిపింది, మరోచోట పుట్టించింది. దీన్ని మూడు మెట్లుగా ఊహిస్తే సులువు: కింద కునుకు, మధ్యలో ప్రశాంతమైన మెలకువ, పైన చురుకు. ఆల్ఫా మధ్య మెట్టు మీద మాత్రమే ఉంటుంది. శబ్దం ఎప్పుడూ ఒక మెట్టు పైకే తోస్తుంది. మధ్యలోంచి తోస్తే ఆల్ఫా వదిలిపోతుంది, కిందనుంచి తోస్తే ఆల్ఫాలోకి వస్తాం. పిన్ని చెప్పిన జవాబు ఇదే. పిన్ని వాళ్లు ఐసీయూలో చప్పట్లు కొట్టి, పేరు పెట్టి పిలిచి, గోరు నొక్కి, ఆ క్షణాన్ని రికార్డు మీద రాసిపెడతారు. గుండె ఆగి మళ్లీ కొట్టుకున్న కొందరు రోగుల్లో, గాఢ కోమాలో ఉండగా, ఆల్ఫా వేగంతోనే అలలు తలంతా పరుచుకుంటాయి. పిలిచినా గిల్లినా వాటిలో చలనం ఉండదు. లయ ఉన్నంత మాత్రాన మెలకువ ఉన్నట్టు కాదు.

మే మూడో వారం: పైకి తోస్తున్నది ఎవరు

శబ్దం చెవి నుంచి శ్రవణ కార్టెక్స్‌కు తన సొంత దారిలో వెళుతుంది. కానీ నా ఎలక్ట్రోడ్ ఉన్నది దృష్టి కార్టెక్స్ మీద. వినికిడితో సంబంధం లేని చోట అల ఎందుకు మారింది? ఈ ప్రశ్నకు జవాబు మెదడునూ వెన్నుపామునూ కలిపే మెదడు కాండంలో ఉంది.

బెల్జియంలో ఫ్రెడరిక్ బ్రెమెర్ 1930లలో పిల్లుల మీద చేసిన ప్రయోగాల్లో, మెదడు కాండాన్ని వెన్నుపాము మొదట్లో కోస్తే ఈఈజీలో నిద్ర, మెలకువ మారుతూనే ఉన్నాయి. మధ్య మెదడు దగ్గర కోస్తే నిద్రలాంటి అలలే మిగిలాయి. పై కోతతో ఇంద్రియాల కబురు ఆగిపోయింది కనుక నిద్ర వచ్చిందని ఆయన భావించాడు. 1949లో మొరూజ్జి, మాగౌన్ ఆ ఊహను తిరగరాశారు. మెదడు కాండం నడుమ వలలా అల్లుకున్న నరకణాల భాగాన్ని, అంటే రెటిక్యులర్ ఫార్మేషన్‌ను, విద్యుత్తుతో ప్రేరేపిస్తే కార్టెక్స్ అంతటా పెద్ద నెమ్మదైన అలలు పోయి చిన్న వేగమైన అలలు వచ్చాయి. మరుసటి ఏడాది లిండ్స్లీ, మాగౌన్ బృందం ఇంద్రియ మార్గాలనూ ఈ వలనూ విడదీసి చూసింది. మధ్య మెదడులో పక్కల నుంచి వెళ్లే ఇంద్రియ మార్గాలను మాత్రమే కోస్తే జంతువు మేలుకోగలిగింది. ఆ మార్గాలను వదిలి నడిమి భాగాన్ని దెబ్బతీస్తే, కబురు కార్టెక్స్‌కు చేరే దారి ఉన్నా, మెలకువ అలలు నిలవలేదు.

అంటే ప్రతి ఇంద్రియ మార్గం నుంచి ఒక పాయ ఈ వలలోకి వస్తుంది. వల దాన్ని 'ఏం వినిపించింది' అనే వివరంగా కాక, 'మేలుకో' అనే ఉత్తర్వుగా పైకి పంపుతుంది. ఒక దారి, ఇంద్రియాల కబుర్లను కార్టెక్స్‌కు అందించే థాలమస్ గుండా వెళుతుంది. అక్కడ ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం అందుతున్నంత సేపు థాలమస్ కణాలు కబురును వచ్చినట్టే పైకి చేరవేస్తాయి. అది తగ్గితే వాటి వోల్టేజి కిందికి దిగి, కాల్షియం ద్వారాలు సిద్ధమై, గుంపులు గుంపులుగా పేలుతూ నిద్ర అలలకు ఊతమిస్తాయి. మరో దారి హైపోథాలమస్, ముందరి మెదడు అడుగు భాగం మీదుగా నేరుగా కార్టెక్స్‌కు వెళుతుంది. నార్ఎడ్రినలిన్, సెరటోనిన్, హిస్టమిన్ కణాలు అందులో పాల్గొంటాయి. ఈ వలనూ దాని దారులనూ కలిపి రెటిక్యులర్ యాక్టివేటింగ్ సిస్టమ్ అని ఒకే పేరుతో పిలిచినా, లోపల ఇన్ని రసాయనాల, ఇన్ని కణసముదాయాల కలయిక అది.

మనుషుల్లో దీని సాక్ష్యం పిన్ని పనిచేసే వార్డుల్లోనే దొరుకుతుంది. మెదడు కాండం నడిమి భాగమైన పాన్స్‌లో ముందు వైపు మాత్రమే దెబ్బతిన్న రోగి చేయి కదపలేడు, మాట్లాడలేడు, కళ్లను పైకీ కిందికీ మాత్రం తిప్పగలడు. ఈఈజీలో చాలాసార్లు మామూలు ఆల్ఫా ఉంటుంది, పిలిస్తే మారుతుంది. మనిషి లోపల పూర్తిగా మెలకువగా ఉన్నాడు. అదే స్ట్రోకు పాన్స్ పై భాగం, మధ్య మెదడు వెనుక వైపు వల ఉన్న చోట రెండు పక్కలా పడితే, కార్టెక్స్ చెక్కుచెదరకపోయినా కోమా వస్తుంది. కొద్ది సెంటీమీటర్ల తేడా మనిషి ఉన్నాడా లేడా అన్నంత తేడా చేస్తుంది. మొదటి రకం రోగి పక్కన నిలబడి ఎలాంటి మాటలు మాట్లాడకూడదో పిన్ని తన వార్డులో అందరికీ చెబుతుంది. నాకూ ఆ రోజు చెప్పింది, చెబుతున్నంత సేపూ గొంతు గట్టిగానే ఉంది.

నా పరికరం ఈ వలను చూడలేదని మాత్రం రాసిపెట్టుకోవాలి. తల చర్మం మీది ఎలక్ట్రోడ్‌కు అందేది కార్టెక్స్‌లో లక్షలాది కణాలు కలిసి చేసే పని. లోపల లోతున ఉన్న మెదడు కాండం గొంతు ఇక్కడికి వినిపించదు. దాని ఉత్తర్వుకు కార్టెక్స్ ఇచ్చిన జవాబును మాత్రమే నేను చదువుతున్నాను.

మే చివరి వారం: పేరు, రైలు కూత

ఒకే స్వరాన్ని వెంటవెంటనే మోగిస్తూ పోతే జవాబు చిన్నదై, చివరికి ఆగిపోయింది. స్వరం శ్రుతి మారిస్తే మళ్లీ వచ్చింది. షార్ప్‌లెస్, జాస్పర్ 1956లో పిల్లుల్లో ఇదే చూపించారు. వల ప్రతి శబ్దానికీ ఒకేలా లేవదు, పాతదాన్ని పక్కన పెడుతుంది. మా ఇంటికి రైలు కూత వినిపిస్తుంది. తమ్ముడి రికార్డులో కూతల దగ్గర ఆల్ఫా దాదాపు కదలదు. సెలవులకు వచ్చిన మా మేనత్త కొడుకును పడుకోబెడితే ప్రతి కూతకూ ఆల్ఫా మారింది.

తరువాత స్వరానికి బదులు అమ్మ గొంతుతో రికార్డు చేసిన రెండు పేర్లు వాడాను. ఒకటి తమ్ముడి ముద్దుపేరు, రెండోది అంతే నిడివి ఉన్న వేరే పేరు. శబ్ద తీవ్రత రెంటికీ సమానం చేశాను. థీటాలో ఉన్నప్పుడు సొంత పేరుకు ఆల్ఫా ఎక్కువసార్లు తిరిగి వచ్చింది, వచ్చినప్పుడు ఎక్కువ సేపు నిలిచింది. ఆక్స్‌ఫర్డ్‌లో ఆస్వాల్డ్ బృందం 1960లోనే నిద్రపోతున్నవారిలో సొంత పేరుకు కె-కాంప్లెక్స్ అనే పెద్ద అల ఎక్కువగా వస్తుందని చూపింది. పేరును పోల్చుకునే పని కార్టెక్స్‌ది. కార్టెక్స్ నుంచి కూడా మెదడు కాండంలోని వలకు దారులు దిగుతాయి కాబట్టి, లేపమని అడిగేది కొన్నిసార్లు కార్టెక్సే.

ఒక్క మనిషి రికార్డులతో ఈ పేరు సంగతి తేల్చేశానని అనను. కె-కాంప్లెక్స్ నడినెత్తికి దగ్గరగా, ముందు వైపు బలంగా వస్తుంది, ఓ1 దగ్గర బాగా పలచగా ఉంటుంది. కాబట్టి తరువాతి బోర్డులో మూడో చానెల్ నడినెత్తి మీదికి వెళుతుంది. దాని కోసం సర్క్యూట్ గీశాను, చిప్ కొన్నాను. మేనత్త కొడుకుతో పాటు, రాత్రి డ్యూటీ లేని ఇద్దరు స్నేహితురాళ్లు జూన్‌లో పడుకోవడానికి ఒప్పుకున్నారు. పేర్లు ఏ క్రమంలో మోగుతాయో ప్రోగ్రామే నిర్ణయిస్తుంది. రికార్డు చదివేటప్పుడు ఏ గుర్తు ఎవరి పేరుదో తెలియకుండా పిన్నికి ఇస్తాను. ఆల్ఫా తిరిగి వచ్చిందా లేదా అన్నది ఆమె కంటితో గుర్తించి రాశాకే, నా ప్రోగ్రామ్ లెక్కతో పోల్చి చూస్తాం.